ఉసిరికాయా, గూడుబండా?

ఆదివారం పొద్దున్నే బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చి పడుతుంది. ఎర్రని రాతి గుడి, చుట్టూ పచ్చగడ్డి, పైన నీలాకాశం. ఊరి పేరు ఉండదు. కింద ఒకరు ‘భువనేశ్వర్’ అంటారు, ఇంకొకరు ‘కాదు, ఖజురహో’ అంటారు. మధ్యాహ్నానికి పంపినవారే చెబుతారు, అది జోగులాంబ గద్వాల జిల్లా అలంపురం అని. తెలుగునేల మీద గుడి అంటే నిలువెత్తు గోపురమే గుర్తుకొచ్చేవాళ్లు బోల్తాపడే ఫొటో ఇదే. అలాగని తప్పంతా వాళ్లదే కాదు. గుడి ఏ ఊళ్లో ఉందన్నది ఒక సంగతి, ఏ సంప్రదాయంలో కట్టారన్నది మరో సంగతి. ఫొటో చెప్పేది ఎక్కువగా రెండోదే.

ముందు తేల్చుకోవాల్సింది ఫొటోలో ఉన్నది గోపురమా, విమానమా అని. మాటల్లో రెంటినీ కలిపేస్తాం గానీ గోపురం వాకిలి మీద ఉంటుంది, విమానం దేవుడి తల మీద ఉంటుంది. తేడా తెలియాలంటే ఫొటోని పెద్దది చేసి కొన చూడాలి. గూడుబండి కప్పులా అటూ ఇటూ సాగిన పైకప్పు, దాని వెన్ను మీద వరసగా బేసి సంఖ్యలో కలశాలు ఉంటే అది గోపురం. గుండ్రంగానో పలకలుగానో ఒకే గుమ్మటం ఉండి, దాని మీద ఒకే కలశం ఉంటే చాలామటుకు విమానం. తంజావూరు బృహదీశ్వరాలయం 1010 నాటికి పూర్తయింది. అక్కడ ఆకాశాన్ని అంటేది విమానం, దాని ముందు గోపురాలు పొట్టివి. తర్వాతి శతాబ్దాల్లో ఇది తలకిందులైంది. గర్భగుడి చిన్నగా లోపల ఉండిపోతే, వాకిళ్లు అంతస్తు మీద అంతస్తుగా పెరిగాయి. విజయనగర రాజుల కాలానికి ‘రాయగోపురం’ అన్న మాటే పుట్టింది. అందుకే పెద్ద గోపురం కనిపిస్తే దక్షిణాది పద్ధతి అని చెప్పొచ్చు గానీ గుడి వయసు చెప్పకూడదు. లోపలి గుడి దానికంటే అయిదారు వందల ఏళ్లు పెద్దదై ఉండొచ్చు.

ఇప్పుడు అలంపురం ఫొటోకి వద్దాం. ఉదాహరణకి స్వర్గబ్రహ్మ ఆలయాన్ని తీసుకుందాం. పేరులో బ్రహ్మ ఉన్నా తుంగభద్ర ఒడ్డున ఉన్న ఈ నవబ్రహ్మాలయాలు శివుడివే. బాదామి చాళుక్యుల కాలంలో, ఏడో శతాబ్దంలో వీటి నిర్మాణం సాగింది. స్వర్గబ్రహ్మ ఆలయం వినయాదిత్యుడి కాలానిది.

దాని శిఖరం మెట్లుమెట్లుగా ఎక్కదు. అడుగు నుంచి పైదాకా ఒకే గీతగా లేచి, పైకి పోయేకొద్దీ మెల్లగా లోపలికి ఒంగుతుంది. కొన మీద గుమ్మటం లేదు, చారల చారల గుండ్రటి రాయి ఉంది. దాని పేరు ఆమలకం, అంటే ఉసిరికాయ. కాయ మీద నిలువు గాళ్లు ఉన్నట్టే రాయి అంచంతా గాళ్లు ఉంటాయి. ఇంకాస్త దగ్గరికి తెచ్చి శిఖరం మూలలు చూస్తే, కొంత ఎత్తుకొకటి చొప్పున చిన్న చిన్న ఉసిరికాయ ముక్కలు మూలలకు పొదిగి ఉంటాయి. ఒక్కోటీ ఒక్కో అంతస్తు ముగిసిన గుర్తు. బయటికి అంతస్తులు కనిపించకపోయినా స్థపతి లెక్క తప్పలేదన్నమాట. గాళ్ల ఉసిరికాయ, ఒంపు తిరిగిన గీత, మూలల ముక్కలు, ఈ మూడూ కలిస్తే ఉత్తరాది పద్ధతి, నాగర శైలి. శిఖరం ముఖాన ముందుకు పొడుచుకొచ్చిన కమాను భాగం కూడా ఒకటి ఉంటుంది. చిలుక ముక్కులా ఉంటుందని దాన్ని శుకనాసి అన్నారు. అలంపురంలో ఆ కమానులో నాట్యమాడే శివుణ్ణి చెక్కారు.

ఉత్తరాది పద్ధతి తుంగభద్ర ఒడ్డుకి ఎలా వచ్చింది? బాదామి చాళుక్యుల రాజ్యం ఉత్తరానికీ దక్షిణానికీ నడుమ ఉండేది. వారి శిల్పులు రెండు పద్ధతులూ కట్టారు. కర్ణాటకలోని పట్టదకల్లులో ఇవి పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. అంతస్తుల విమానంతో విరూపాక్షాలయం, కూతవేటు దూరంలో ఒంపు శిఖరంతో గళగనాథాలయం. ఆ గళగనాథం అలంపురం గుళ్లకి తోబుట్టువులా ఉంటుంది. రెండు ఫొటోలూ పక్కన పెడితే వేరు చెప్పడం కష్టం.

‘భువనేశ్వర్’ అన్న బంధువు మరీ దూరం పోలేదు. ఒడిశా గుళ్లు కూడా ఒంపు శిఖరాలే. కాకపోతే ఒంపు ఎక్కడ మొదలవుతుందో చూడాలి. కళింగ శిఖరం చాలా ఎత్తు వరకు దాదాపు నిట్టనిలువుగా పోయి, భుజాల దగ్గరికి రాగానే చప్పున లోపలికి తిరుగుతుంది. దాని మీద పెద్ద ఉసిరికాయ తలపాగా చుట్టినట్టు కూర్చుంటుంది. ఆ ఉసిరికాయ గుడికి తలైతే, కింది ఒంపు భుజం. అలంపురంలో గుడి పొట్టిది, ఒంపు నిదానంగా సాగుతుంది. కళింగ పద్ధతి చూడాలనుకుంటే తెలుగువాళ్లు భువనేశ్వర్ దాకా పోనక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ముఖలింగం ఉంది. తూర్పు గాంగుల ఏలుబడి సాగిన చోటు. అక్కడి సోమేశ్వరాలయానికి ముందు మండపం కూడా లేదు, శిఖరం ఒక్కటే నేల మీద నిలబడి ఉంటుంది. అందువల్ల ఫొటోలో ఆ గీత అడ్డం లేకుండా కనిపిస్తుంది.

శిఖరంతో తేలని చోట రాయి మాట్లాడుతుంది. ఇందుకు రామప్ప గుడి మంచి ఉదాహరణ, ఎందుకంటే దాన్ని చూసి ‘హోయసల’ అనేవాళ్లు చాలామంది. 1213లో కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన గుడి ఇది. 2021లో యునెస్కో జాబితాలో చేరింది. హోయసల గుళ్లలో లాగే ఇక్కడా నక్షత్రాల్లా మెరిసే నునుపు స్తంభాలు, చూరు కింద నిలబడ్డ సుందరాంగులు, అడుగున ఏనుగుల వరస ఉన్నాయి. పొరబడటంలో వింతేమీ లేదు.

రంగు చూస్తే చిక్కు సగం విడిపోతుంది. బేలూరు, హళేబీడు గుళ్లు ఆకుపచ్చ ఛాయ కలిసిన బూడిద రంగు రాయితో కట్టినవి. మన దగ్గర బలపం రాయి అంటారే, ఆ జాతిది. గని నుంచి తీసినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. మెత్తదనం వల్లనే అక్కడి శిల్పి వేలి ఉంగరం మీద నగిషీని కూడా వదల్లేదు. రామప్పలో గోడలు ఎర్రని ఇసుకరాయివి. స్తంభాలు, కొన్ని శిల్పాలు మాత్రం నల్లని గట్టి రాతివి. ఎరుపు మీద నలుపు, ఒకే ఫొటోలో రెండు రాళ్లు. హోయసల గుడిలో ఇలాంటి జోడీ కనిపించదు. ఇక విమానం ఇటుకది. అది కూడా నీళ్లలో వేస్తే తేలేంత తేలిక ఇటుక. కింద రాయి ఒక రంగు, పైన కట్టడం ఇంకో రంగు, ఇది ఫొటోలో ఇట్టే తెలుస్తుంది.

రెండో తేడా శిల్పాలు ఎక్కడ ఉన్నాయన్నది. హళేబీడులో బయటి గోడ ఖాళీ లేదు. ఏనుగులు, సింహాలు, గుర్రాలు, కథల పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటిపైన మనిషంత దేవతామూర్తులు వరస కట్టారు. కాకతీయ శిల్పి గోడని కొంత ఊపిరి పీల్చుకోనిచ్చి, తన పనితనాన్ని ద్వారబంధాల మీద, కప్పు మీద, స్తంభాల మీద కుమ్మరించాడు. మదనికల్ని పోల్చి చూడండి. బేలూరు మదనిక చుట్టూ తీగలూ కొమ్మలూ అల్లిన పందిరి ఉంటుంది, ఒంటి నిండా నగలు. రామప్ప మదనిక పొడుగ్గా, సన్నగా, ఏ పందిరీ లేకుండా స్తంభం నుంచి చూరుకి ఏటవాలుగా అడ్డంపడి నిలబడుతుంది. బేలూరుది పతకం లాంటి పని అయితే రామప్పది ఆపిన నాట్యం. ఈ రెండోదే ఎక్కువ నచ్చిందని చెబితే పక్షపాతం అంటారేమో, అననివ్వండి.

శిఖరం అసలే లేని ఫొటోలూ ఉంటాయి. 1163లో రుద్రదేవుడు కట్టించిన హనుమకొండ వేయిస్తంభాల గుడిలో పైకి చూస్తే ఏమీ దొరకదు. అప్పుడు స్తంభం మీద వేలు పెట్టాలి. నల్లరాయి, సానబెట్టిన నునుపు, చతురస్రపు దిమ్మెల మధ్య గుండ్రటి పలకలు, కత్తితో కోసినట్టు పదునైన గీతలు ఉంటే చాళుక్య, కాకతీయ కుటుంబం. అదే గరుకు నల్లసేనపు రాయి స్తంభం నుంచి, ముందు కాళ్లు పైకెత్తిన యాళి గానీ గుర్రం గానీ బయటికి దూకుతుంటే విజయనగరం. గ్రానైటు మొండిది. దాని మీద ముత్యాల దండ చెక్కడం కన్నా మొత్తం జంతువునే బయటికి లాగడం తేలిక అని ఆ శిల్పులు తెలుసుకున్నట్టుంది.

ఇన్ని గుర్తులు తెలిసినా మోసపోయే చోట్లున్నాయి. మొదటిది కెమెరా. ఫోన్‌ని గుడి మొదట్లో నిలబడి పైకెత్తి తీస్తే ఏ శిఖరమైనా పైకి సన్నబడి వంగినట్టే కనిపిస్తుంది. ఒంపు నిజమైనదో కాదో పక్కనున్న స్తంభాల్ని చూసి తెలుసుకోవాలి, అవీ వాలినట్టుంటే తప్పు కెమెరాదే. రెండోది సున్నం, రంగులు. పొరలు పొరలుగా కొట్టిన రంగు కింద రాయి ఏ జాతిదో తెలియదు. మూడోది మరమ్మతు. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మేలో కుప్పకూలింది. ఇప్పుడు ఫొటోల్లో కనిపించేది అదే పద్ధతిలో లేచిన కొత్త గోపురం. శైలి విజయనగరమే, వయసు మాత్రం కాదు. 2022లో తిరిగి తెరుచుకున్న యాదగిరిగుట్ట కూడా అంతే. నల్లరాతి మెరుపు చూసి కాకతీయుల కాలానికి పోకుండా అంచులు చూడాలి. గాలీ వానా తినని అంచు అన్నిచోట్లా ఒకే పదునుతో ఉంటుంది.

చివరగా అలంపురంలోనే మరో ఫొటో. ఎత్తయిన అరుగు మీద, చుట్టూ ప్రహరీతో ఒక నాగర శిఖరం. ఫోన్ అయితే దాన్ని అలంపురం అని చూపిస్తుంది, శైలి కూడా అదే బాదామి చాళుక్యులది. కానీ ఆ గుడి పుట్టిన ఊరు అది కాదు. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయం అది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని రాయి రాయి విప్పి ఇక్కడికి తెచ్చి మళ్లీ పేర్చారు.