శత్రువుల వరుస, టవర్ల గురి

టవర్ డిఫెన్స్ ఆటలో శత్రువులు గీసిపెట్టిన దారి వెంట గుంపులు గుంపులుగా వస్తారు. ఒక్కో గుంపును వేవ్ అంటారు. ఆటగాడు దారి పక్కన టవర్లు నిలబెడతాడు, కాల్చడం మాత్రం వాటంతటవే చేస్తాయి. అందుకే ఆట కష్టమంతా రెండు విషయాల మీద ఆధారపడుతుంది. శత్రువులు ఏ వరుసలో, ఎంత ఎడంతో వస్తారన్నది ఒకటి. ఎదుట ఉన్నవారిలో టవర్ ఎవరిని ఎంచుకుంటుందన్నది రెండోది.

వేవ్ కష్టం శత్రువుల సంఖ్యలో కంటే వాళ్ల మధ్య ఎడంలో ఎక్కువగా ఉంటుంది. ఒక టవర్ పరిధిలోకి దారిలో ఆరు గడులు వస్తాయనుకుందాం. అది సెకనుకు ఒక దెబ్బ కొడుతుంది, దెబ్బకు 10 పాయింట్లు తగ్గుతాయి. 50 పాయింట్ల ప్రాణమున్న శత్రువు సెకనుకో గడి నడిస్తే ఆరు సెకన్లు పరిధిలో ఉంటాడు, ఐదు దెబ్బలకే పడిపోతాడు. ఇలాంటివాళ్లు ఐదేసి సెకన్ల ఎడంతో ఎంతమంది వచ్చినా ఒక్కరూ దాటరు. ఎడం నాలుగు సెకన్లకు తగ్గితే మూడోవాడు నాలుగు దెబ్బలే తిని బయటపడతాడు. ఒక సెకనే అయితే రెండోవాడే రెండు దెబ్బలతో తప్పించుకుంటాడు. శత్రువు మారలేదు, టవరూ మారలేదు. మూడు రెట్లు వేగంగా పరుగెత్తేవాడైతే రెండు సెకన్లే పరిధిలో ఉంటాడు గనుక 25 పాయింట్ల ప్రాణం చాలు, ఈ టవర్‌ను ఒంటరిగానే దాటేస్తాడు.

గురి నియమాలకు న్యూజిలాండ్ సంస్థ నింజా కివి 2018లో విడుదల చేసిన ‘బ్లూన్స్ టీడీ 6’ మంచి ఉదాహరణ. అందులో శత్రువులు బెలూన్లు, టవర్లు కోతులు. చాలా టవర్లకు ఫస్ట్, లాస్ట్, క్లోజ్, స్ట్రాంగ్ అనే నాలుగు గురులు ఉంటాయి. దారిలో అందరికంటే ముందున్నది, అందరికంటే వెనకున్నది, టవర్‌కు దగ్గరగా ఉన్నది, అన్నిటిలో బలమైనది అని వాటి అర్థం. మామూలుగా ఫస్టే ఉంటుంది, ఎందుకంటే గమ్యానికి దగ్గరపడ్డ బెలూనే ముందు ప్రమాదం.

ఈ నియమాన్ని దెబ్బతీయడానికే లెడ్ బెలూన్ పుట్టిందా అనిపిస్తుంది. డార్ట్ మంకీ విసిరే మామూలు డార్టులు సీసాన్ని ఛేదించలేవు. అయినా ఆ కోతి దాని మీదకే విసురుతూ ఉంటుంది, ఎందుకంటే ఫస్ట్ నియమం ముందున్నదెవరో చూస్తుందే తప్ప దెబ్బ తగులుతుందా లేదా అని చూడదు. అంటే లెడ్ తాను బతకడమే కాదు, వెనకున్న మామూలు బెలూన్లకు కవచం కూడా అవుతుంది. క్యామో బెలూన్ పద్ధతి వేరు. దాన్ని చూసే శక్తి లేని టవర్ అసలు గురే పెట్టదు, కనుక దెబ్బలు వృథా కావు, కానీ అది దర్జాగా నడిచిపోతుంది. మొదటి నుంచీ క్యామోను చూడగల నింజా మంకీకి విలువ అక్కడే. 

లెడ్‌ను బాంబ్ షూటర్ పగలగొడుతుంది. అయితే పగిలిన లెడ్‌లోంచి రెండు నల్ల బెలూన్లు బయటికొస్తాయి, వాటికి పేలుడు అంటదు, డార్టులు తగులుతాయి. కాబట్టి ఆ ఒక్క బెలూన్‌కు రెండు టవర్లు కావాలి, అవీ సరైన క్రమంలో. బాంబ్ షూటర్ దారి మొదట్లో, డార్ట్ మంకీ తర్వాత ఉంటే లెడ్ ముందే పగులుతుంది, నల్లవాటిని డార్టులు అందుకుంటాయి. ఇదే తిరగబడితే డార్టులు సీసం మీద ఖర్చవుతాయి, ఆఖర్న బాంబు పగలగొట్టాక నల్లవాటిని ఆపేవారు ఉండరు. కొన్న టవర్లు అవే, ఫలితం తలకిందులు.

ఇలాంటి విరుగుడు శత్రువును ఒక్కసారిగా గుంపుగా దించితే ఆటగాడికి అన్యాయం జరిగినట్టుంటుంది. ఈ ఆటలో మామూలు వరుస ప్రకారం 24వ రౌండులో ఒకే ఒక్క క్యామో బెలూన్ వస్తుంది. 28వ రౌండులో ఆరు లెడ్‌లు వస్తాయి. తప్పు జరిగినా అప్పటికి పోయే ప్రాణాలు కొన్నే, నేర్చుకునే వీలుంటుంది.

సొంతంగా ఆట తయారుచేసేవారు తరచూ తడబడేది ‘ముందున్నది’ ఎవరో లెక్కగట్టడంలో. గమ్యానికి గీత గీసినట్టు దూరం కొలిస్తే మెలికల దారిలో పొరపాటు తప్పదు. పక్క మలుపులో, ఇంకా చాలా నడవాల్సిన శత్రువు గమ్యానికి దగ్గరగా కనిపిస్తాడు, టవర్ వాణ్ణే కాలుస్తూ అసలు దాటిపోతున్నవాణ్ణి వదిలేస్తుంది. దారి వెంట మిగిలిన దూరాన్నే కొలవాలి. పుట్టిన క్రమాన్ని నమ్మినా ఇదే గతి, వెనక పుట్టిన వేగవంతుడు మధ్యలోనే ముందువాణ్ణి దాటేస్తాడు.

విరుగుళ్లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో తేల్చడానికి ఒకే రకం టవర్‌తో ఆట మొత్తం ఆడి చూడాలి. అలా గెలిచే వీలుంటే ఆ టవర్‌కు విరుగుడు బలహీనంగా ఉందన్నమాట. ఒక ఫలానా టవర్ లేకుండా ఎవరూ ఒక వేవ్‌ను దాటలేకపోతే విరుగుడు మోతాదు మించిందన్నమాట, అప్పుడు ఆ శత్రువును ఎదుర్కొనే రెండో మార్గం ఒకటి తెరవాలి.