ఒక చెయ్యి, రెండు కర్రలు

అరచేతి మీద కర్ర నిలబెట్టే ఆట చిన్నప్పుడు చాలామంది ఆడిందే. కర్ర ఎటు ఒరిగితే చెయ్యి అటు జరపాలి. అదే చేతి మీద పక్కపక్కనే రెండు కర్రలు నిలబెట్టాలంటే? ఒకటి మీటరు, ఇంకొకటి అర మీటరు అయితే లెక్క ప్రకారం సాధ్యమే. రెండూ ఒకే పొడవైతే మాత్రం ఎంత నేర్పరికైనా కుదరదు. సమానంగా ఉంటేనే సులువని తోస్తుంది కదా!

ఒక్కో కర్ర గురించి తెలియాల్సినవి రెండు: ఎంత ఒరిగింది, ఎంత వేగంగా ఒరుగుతోంది. రెండు కర్రలకు కలిపి నాలుగు అంకెలు. వ్యవస్థ 'స్థితి' అంటే అవే. మన వశంలో ఉన్నది మాత్రం ఒక్కటే, చేతి కుదుపు. ఆ ఒక్కదానితో నాలుగింటినీ కోరిన చోటికి తేగలిగితే ఆ వ్యవస్థ నియంత్రణకు లొంగుతుందంటారు.

దీనికి 1960 ప్రాంతంలో రుడాల్ఫ్ కాల్మన్ ప్రసిద్ధం చేసిన పరీక్ష ఉంది. కుదుపు నేరుగా దేన్ని కదుపుతుందో ఒక నిలువు వరుస (B). ఆ కదలిక వ్యవస్థ గుండా మరో మెట్టు సాగితే ఇంకో వరుస (AB). అలా నాలుగు. బరువంతా కర్ర కొనలోనే ఉందని, ఒరుగు కొద్దిగానే ఉందని, g విలువ 10 అని అనుకుందాం. దిశ గుర్తులు వదిలేస్తే:

```
          B   AB  A²B  A³B
ఒరుగు 1    0   1    0   10
వేగం 1     1   0   10    0
ఒరుగు 2    0   2    0   40
వేగం 2     2   0   40    0
```

వీటిలో ఏ ఒక్కటీ మిగతావాటిని హెచ్చించి, కలిపి రాబట్టలేని విధంగా గరిష్ఠంగా ఎన్ని వరుసలను ఎంచుకోగలమో అదే ర్యాంకు. ఇంటర్ లెక్కల్లో 'మాత్రిక కోటి' అని చదువుకున్నది ఇదే. ఇక్కడ (1, 2)ను ఎంతతో హెచ్చించినా (10, 40) రాదు. ర్యాంకు 4, పరీక్ష నెగ్గింది. రెండూ మీటరు కర్రలైతే (1, 1), (10, 10) వస్తాయి. రెండోది మొదటిదానికి పదింతలే, ర్యాంకు 2కి పడిపోతుంది. చెయ్యి రెండు కర్రలనూ ఒకేలా నెడుతుంది కాబట్టి, వాటి ఒరుగుల మధ్య తేడాను అది తాకనే లేదు. ఆ తేడా గురుత్వాకర్షణకు పెరిగిపోతూనే ఉంటుంది.

చూడటానికీ ఇలాంటి పరీక్షే ఉంది, అడ్డు వరుసలతో. మొదటి కర్ర ఒరుగునే కొలిస్తే C, CA, CA², CA³ నాలుగింటిలోనూ రెండో కర్ర గడులన్నీ సున్నాలే. ర్యాంకు 2. అది పడిపోతున్నా తెలియదు. రెండు ఒరుగుల మొత్తాన్ని చెప్పే కొలత ఒక్కటి ఉన్నా, పొడవులు వేరైతే ర్యాంకు 4 అవుతుంది. కొంతసేపు గమనిస్తే దేని ఒరుగెంతో విడదీయొచ్చు.

పరీక్షకో లోపముంది. రెండో కర్రను 99 సెంటీమీటర్లు చేసి చూడండి. ర్యాంకు మళ్లీ 4 అంటుంది. కానీ ఆ నాలుగు అంకెల అడ్డగుణకారంలో ఇందాక తేడా 20 (1×40 − 2×10) వస్తే, ఇప్పుడు వచ్చేది దాదాపు 0.1. అంటే కర్రల మధ్య కాస్త తేడా సరిదిద్దడానికే చేతిని విపరీతంగా విసరాలి. అందుకే ఇంజనీర్లు ర్యాంకుతో ఆగరు. ఆ మాత్రిక సింగ్యులర్ విలువల్లో అతి చిన్నది సున్నాకు ఎంత దగ్గరగా ఉందో కూడా చూస్తారు.