తొమ్మిది ఎక్కువా, పద్నాలుగు ఎక్కువా?

లక్ష రూపాయల లోన్, మూడేళ్లలో తీర్చాలి. బైక్ షోరూమ్‌లో ఫైనాన్స్ టేబుల్ దగ్గర కూర్చున్నాయన "వడ్డీ తొమ్మిది పర్సెంటే సార్, ఫ్లాట్" అంటాడు. నాన్నగారి అకౌంట్ ఉన్న బ్యాంకులో అడిగితే "పద్నాలుగు, రెడ్యూసింగ్" అంటారు. మనకి ఫ్లాట్ అనగానే సేల్‌లో ఫ్లాట్ ఫిఫ్టీ ఆఫ్ గుర్తొస్తుంది కాబట్టి ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది. పైగా తొమ్మిది చిన్న నంబర్. సంతకం పెట్టేది మాత్రం నాన్న.

ముందు షోరూమ్ లెక్క చూద్దాం. లక్షకి ఏడాదికి తొమ్మిది వేలు, మూడేళ్లకి 27,000. మొత్తం 1,27,000ని 36తో భాగిస్తే ఈఎంఐ 3,528. లెక్కలో తప్పేం లేదు. కానీ ఇందులో ఒక విషయం దాగి ఉంది. వాళ్ల లెక్క ప్రకారం ప్రతి ఈఎంఐలో అసలు 2,778, వడ్డీ 750. అంటే నెలనెలా అసలు తగ్గుతూనే ఉంది, వడ్డీ మాత్రం 750 దగ్గర కదలకుండా కూర్చుంది. చివరి నెలకి వచ్చేసరికి మన దగ్గర మిగిలిన బాకీ 2,778 రూపాయలే. దాని మీద ఒక్క నెలకి 750 వడ్డీ! ఆ డబ్బు ఎప్పుడో తిరిగిచ్చేశాం కదా, ఇంకా లక్షకి వడ్డీ ఎందుకు కడుతున్నాం?

ఊళ్లో నూటికి రూపాయి వడ్డీకి అప్పు ఇచ్చేవాళ్లు కూడా సాధారణంగా ఇలా చెయ్యరు. అసలులో కొంత కడితే నోటు వెనక చెల్లు రాసి, అక్కడి నుంచి మిగిలిన అసలుకే వడ్డీ లెక్కేస్తారు. బ్యాంకు వాళ్ల రెడ్యూసింగ్ బ్యాలెన్స్ అంటే ఇదే, పేరే కొత్తది.

ఇప్పుడు పద్నాలుగు వైపు చూద్దాం. ప్రతి నెలా మిగిలిన బాకీ మీదే వడ్డీ వేస్తే ఈఎంఐ 3,418 వస్తుంది. మూడేళ్లలో మొత్తం వడ్డీ సుమారు 23,040. అంటే పద్నాలుగు శాతం లోన్ తొమ్మిది శాతం లోన్ కన్నా దాదాపు నాలుగు వేలు చవక.

మరి ఆ తొమ్మిదిని రెడ్యూసింగ్ భాషలో చెప్తే ఎంత? నెలకి 3,528 చొప్పున 36 నెలలు కడితే లక్ష బాకీ సరిగ్గా సున్నా అయ్యే వడ్డీ రేటు కావాలి. దీనికి చేతితో సాధించే సూత్రం లేదు, ఒక రేటు ఊహించి, సరిచేసుకుంటూ పోవాలి. ఆ పని గూగుల్ షీట్స్‌లోనో ఎక్సెల్‌లోనో ఒక్క లైన్ చేస్తుంది:

```
=RATE(36,-3528,100000)*12
```

జవాబు సుమారు 16.25 శాతం. నమ్మకం లేకపోతే రెండు నెలలు పెన్నుతో వేసి చూడండి. నెలకి 1.354 శాతం కాబట్టి మొదటి నెల వడ్డీ 1,354, మిగతా 2,174 అసలుకి పోతుంది, బాకీ 97,826 అవుతుంది. రెండో నెల వడ్డీ దాని మీద, అంటే సుమారు 1,324. ఇలా వెళ్తే 36వ నెలకి బాకీ తీరిపోతుంది. ఊరి భాషలో చెప్పాలంటే, ముప్పావలా వడ్డీ అని చెప్పి నూటికి రూపాయి ముప్పై ఐదు పైసలు తీసుకుంటున్నారు.

షోరూమ్‌లో నిలబడి షీట్ తెరవలేకపోతే ఒక కిటుకు ఉంది. ఫ్లాట్ రేటుని రెట్టింపు చేసి, నెలల సంఖ్యతో గుణించి, నెలలకి ఒకటి కలిపిన సంఖ్యతో భాగించాలి. ఇక్కడ 18 × 36 ÷ 37, అంటే 17.5. అసలు రేటు కన్నా ఇది కొంచెం ఎక్కువే చూపిస్తుంది, లోన్ పొడవయ్యే కొద్దీ తేడా పెరుగుతుంది. అయినా తొమ్మిది అనుకోవడం కన్నా చాలా నయం.

ప్రాసెసింగ్ ఫీజు కథ వేరు. రెండు వేలు ముందే కట్ చేసుకుంటే మన చేతికి వచ్చేది 98,000, ఈఎంఐ మాత్రం మారదు. పై లైన్‌లో 100000 బదులు 98000 పెడితే రేటు సుమారు 17.7కి వెళ్తుంది. అందుకే బ్యాంకు కోట్‌కి కూడా ఫీజు అడిగి, ఇలాగే కలిపి చూడాలి. ఒకదానికి ఫీజు కలిపి, రెండోదానికి వదిలేస్తే పోలిక చెడిపోతుంది.

2024 అక్టోబర్ 1 నుంచి ఇచ్చే కొత్త రిటైల్ లోన్లన్నింటికీ బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని ఆర్‌బీఐ రూల్ పెట్టింది. అందులో ఫీజులు కూడా కలిపిన వార్షిక రేటు, ఏపీఆర్ అని రాసి ఉంటుంది. సంతకానికి ముందే ఆ కాగితం అడగండి. ఏపీఆర్ దగ్గర కూడా తొమ్మిదే కనిపిస్తే, ఈఎంఐ ఎంతో చూసి ఆ ఒక్క లైన్ టైప్ చేసి వాళ్లకే చూపించండి.