నమ్మకముందు ఐదు ప్రశ్నలు

తెనాలిలో నివసించే ఒక విశ్రాంత ఉపాధ్యాయునికి ఒకనాటి ఉదయం అపరిచితమైన నంబరు నుండి ఫోను వచ్చింది. ఆయన పేరిట ముంబయి నుండి విదేశానికి పంపిన పార్సిలులో మాదకద్రవ్యాలు దొరికాయని, కొరియరు ఉద్యోగినని చెప్పుకొన్న వ్యక్తి తెలిపాడు. వెంటనే ఆ కాల్ ఒక 'పోలీసు అధికారి'కి అందింది. వీడియోలో యూనిఫారం ధరించిన మనిషి, అతని వెనుక గోడపై ప్రభుత్వ చిహ్నం కనిపించాయి. అతడు ఉపాధ్యాయుని ఆధార్ సంఖ్యను తప్పులేకుండా చదివి, "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం. కాల్ ఆపరాదు, ఇంట్లో ఎవరికీ చెప్పరాదు" అని శాసించాడు. నిర్దోషిత్వం తేలేవరకు పొదుపు సొమ్మంతా 'తనిఖీ ఖాతా'లో ఉంచాలన్నాడు. జీవితమంతా మచ్చలేకుండా గడిపిన ఆ పెద్దమనిషి అపకీర్తికి వెరచి మొదటి విడతగా 60 వేల రూపాయలు పంపారు.

మధ్యాహ్నం కళాశాల నుండి వచ్చిన మనుమరాలు, తాతగారి గది తలుపు మూసి ఉండటం చూసి లోనికి వెళ్ళింది. సంగతి గ్రహించి కాల్ ఆపివేసింది. ఆలస్యం చేయక సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోను చేయించి, సొమ్ము వెళ్ళిన ఖాతా, లావాదేవీ సంఖ్య, సమయం చెప్పించింది. cybercrime.gov.in లోనూ ఫిర్యాదు నమోదు చేయించింది. మోసగాళ్ళు సొమ్మును ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు త్వరత్వరగా మళ్ళిస్తారు. అది బ్యాంకు వ్యవస్థను దాటకముందే సమాచారం అందితే దానిని నిలిపివేసే అవకాశం ఉంటుంది. అయినప్పటికీ ఆ 60 వేలలో కొంత అప్పటికే చేజారిపోయింది.

ఆ సాయంత్రం ఆమె కుటుంబసభ్యుల వాట్సాప్ బృందానికి ఈ సందేశం పంపింది:

"తాతయ్యా, అమ్మా, బాబాయ్, పిన్నీ! ఎదురుచూడని ఫోను గాని, సందేశం గాని వస్తే ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి.
1. ఈ పిలుపు నేను కోరి వచ్చినదేనా?
2. నన్ను భయపెట్టి తొందరపెడుతున్నారా?
3. ఎవరికీ చెప్పవద్దంటున్నారా?
4. డబ్బు, ఓటీపీ, పిన్ అడుగుతున్నారా? ఏదైనా యాప్ వేసుకొమ్మంటున్నారా?
5. ఫోను పెట్టేసి, నాకు ముందే తెలిసిన నంబరుకు నేనే చేసి సరిచూసుకోగలనా?"

ఈ ప్రశ్నలను తాతగారి అనుభవానికి అన్వయిస్తే వాటి బలం బోధపడుతుంది. ఆయన ఏ పార్సిలూ పంపలేదు. కాబట్టి మొదటి ప్రశ్న దగ్గరే అనుమానం కలగవలసింది. ఆధార్ సంఖ్యను చదివినంత మాత్రాన అవతలివాడు అధికారి కాడు. మనం జిరాక్సు దుకాణాల్లో, లాడ్జీల్లో ఇచ్చే ప్రతుల వంటి అనేక మార్గాల ద్వారా అటువంటి వివరాలు బయటికి పోవచ్చు. తెరపై కనిపించే పేరును, చిత్రాన్ని కూడా ఎవరైనా పెట్టుకోవచ్చు.

రెండవ, మూడవ ప్రశ్నలు జంటగా పనిచేస్తాయి. భయం ఆలోచనను అణచివేస్తుంది. ఏకాంతం సలహాను దూరం చేస్తుంది. మోసగానికి ఈ రెండూ అవసరమే. ఇక 'డిజిటల్ అరెస్టు' అనేది మన చట్టంలో లేనే లేదు. ఈ విషయాన్ని 2024 అక్టోబరులో ప్రధానమంత్రి తన 'మన్ కీ బాత్' ప్రసంగంలో ప్రజలకు స్పష్టం చేశారు. ఏ పోలీసు అధికారీ వీడియో కాల్‌లో నిర్బంధించడు. నిర్దోషిత్వ పరీక్షకు సొమ్ము బదిలీ చేయమనడు.

నాల్గవ ప్రశ్న మోసగాని అసలు ఉద్దేశాన్ని బయటపెడుతుంది. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే గాని స్వీకరించడానికి అవసరం లేదు. కనుక "మీకు డబ్బు రావాలంటే పిన్ నొక్కండి" అన్నవాడు దానిని దోచుకొనేవాడే. తెరను పంచుకొనే యాప్ వేసుకొంటే, ఫోనుకు వచ్చే ఓటీపీ అవతలివానికి కనిపించగలదు.

అయితే తొందరపెట్టే ప్రతి పిలుపూ మోసం కాదు. ఆసుపత్రి నుండి నిజంగానే అత్యవసర వార్త రావచ్చు. బ్యాంకువారు నిజంగానే హెచ్చరించవచ్చు. అందువల్ల తుది తీర్పు ఐదవ ప్రశ్నదే. వచ్చిన నంబరుకు తిరిగి ఫోను చేసినా, సందేశంలోని లింకును నొక్కినా సరిచూసినట్లు కాదు. రెండూ మోసగాని వద్దకే చేర్చవచ్చు. బ్యాంకు కార్డు వెనుకనున్న నంబరుకు గాని, దగ్గరలోని పోలీస్ స్టేషనుకు గాని స్వయంగా చేయాలి. బంధువుల గొంతుతో ఎవరైనా డబ్బడిగినా, కాల్ ఆపి ఆ బంధువు పాత నంబరుకే చేయాలి. నిజమైన అధికారి ఐదు నిమిషాల ఆలస్యానికి అభ్యంతరం చెప్పడు.

మరునాడు తాతగారు ఆ ఐదు ప్రశ్నలను తమ చక్కని చేతివ్రాతతో ఒక కాగితంపై వ్రాసి, ల్యాండ్‌లైను ఫోను పైనున్న గోడకు అంటించారు. దాని అడుగున 1930 అనే అంకెలను ఎర్ర సిరాతో దిద్దారు.