అమావాస్య నాటి బిల్లు

2024 డిసెంబర్ 30. సోమవారం, అమావాస్య. పైగా ధనుర్మాసం, తెల్లారితే పుష్యమాసం. రాజమహేంద్రవరం నుంచి మా అక్క ఫోన్ చేసి తిట్టిన తిట్లు ఇంకా చెవిలో ఉన్నాయి. "ఒరేయ్, వాడంటే కుర్రాడు. నీకేమైందిరా? అమావాస్య పూట, శూన్యమాసం ముంగిట్లో కారు కొంటారట్రా ఎవరైనా?"

"ఎవరూ కొనరే అక్కా. అందుకే ఇవాళ కొంటున్నాం" అన్నాను. ఆ జవాబు ఆవిడకు నచ్చలేదు. అయితే ఆ రోజు మా మేనల్లుడికి దొరికిన ధర వెనకున్న అసలు కథంతా ఆ మాటలోనే ఉంది.

కారు ధర పండుగలను బట్టి తగ్గుతుందని మనలో చాలామంది నమ్మకం. దసరాకు, ధనత్రయోదశికి పేపరు నిండా పేజీలకు పేజీలు ప్రకటనలు చూసి అలా అనిపిస్తుంది. నిజానికి పండుగకు జనం ఎలాగూ వస్తారు. విజయదశమి నాడే తాళం చెవి చేతికి రావాలని పట్టుబట్టే కొనుగోలుదారుకు డీలరు ధర ఎందుకు తగ్గిస్తాడు? సీటు కవర్లో, వెండి నాణెమో చేతిలో పెడతాడు. బాగా అమ్ముడుపోయే మోడల్ అయితే అదీ ఉండదు. ధరను నిజంగా కిందికి లాగేది పండుగ కాదు, బండి షోరూం వెనక యార్డులో ఎన్ని రోజులు ఎండకు ఎండిందన్నది.

కార్ల కంపెనీలు నెల నెలా చెప్పే అమ్మకాల లెక్క చాలావరకు డీలర్లకు పంపిన బండ్ల లెక్క. మనదాకా వచ్చిన బండ్ల లెక్క కాదు. డీలరు ఆ బండికి బ్యాంకు అప్పు తెచ్చి కంపెనీకి డబ్బు కడతాడు. అది అమ్ముడయ్యేదాకా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఏడు లక్షల ఎనభై వేలు పెట్టి తెచ్చిన బండికి నూటికి ఏడాదికి పది వడ్డీ అనుకుంటే రోజుకు రెండు వందల పైచిలుకు. రెండు నెలలు నిలిస్తే పదమూడు వేలు. బండి నిద్రపోతుంది గానీ వడ్డీ నిద్రపోదు.

డీలర్ల సంఘాల సమాఖ్య ఫాడా లెక్కలో యార్డులో ఉండాల్సిన సరుకు 21 రోజుల అమ్మకాలకు సరిపడేంత. 2024 సెప్టెంబర్‌లో అది 80 రోజులు దాటిందని, దాని విలువ రమారమి 79 వేల కోట్ల రూపాయలని అదే సంస్థ ప్రకటించింది. ఆ ఏడాది దసరా, దీపావళి అమ్మకాలతో కొంత తరిగినా, మిగిలింది డిసెంబర్‌లోకి దొర్లుకుంటూ వచ్చింది. డిసెంబర్‌కు ఇంకో గండం కూడా ఉంది. 31 దాటితే ఆ బండి 'పోయినేడాది బండి' అయిపోతుంది. జనవరి 2న వచ్చిన మనిషి మొదట అడిగే ప్రశ్న "ఏ ఏడాది తయారీ?" అనే.

మన తెలుగు నేల మీద డిసెంబర్‌కు మరో ప్రత్యేకత. దేశమంతా ఏడాది చివరి సరుకు దులుపుకునే రోజులూ, మనం ముహూర్తాలు లేవని ఇంట్లో కూర్చునే రోజులూ ఒకటే. సంక్రాంతి దాటేదాకా మనవాళ్లు షోరూం గడప తొక్కరు. ఆషాఢంలోనూ ఇంతే. బట్టల కొట్ల ఆషాఢం తగ్గింపులు మనందరికీ తెలుసు. బండ్ల షోరూంలలో కూడా ఆ నెల బేరానికి అనువైనదే. శ్రావణం రాగానే గొంతు మారుతుంది.

ఇక మావాడి బేరం. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే రంగు. చిన్న పెట్రోల్ కారు. షోరూం ధర 8,40,000. రాజమహేంద్రవరంలో ఒక షోరూం, కాకినాడలో ఇంకోటి. మొదటివాళ్లు 'అరవై వేల దాకా లాభం' అన్నారు. ఆ 'దాకా' దగ్గర ఆగి విడదీయమన్నాం. నగదు తగ్గింపు 35 వేలు, పాత కారు ఇస్తే ఎక్స్ఛేంజ్ బోనస్ 20 వేలు, ఫలానా సంస్థల ఉద్యోగులైతే ఇంకో 5 వేలు. మావాడు ఆ సంస్థల్లో ఉద్యోగి కాదు, అది పోయింది. పాత కారుకు వాళ్లు కట్టిన ధర లక్షా అరవై వేలు. బయట పాత కార్లు కొనే ఆయన లక్షా ఎనభై అయిదు వేలు ఇస్తానన్నాడు. అంటే 20 వేల బోనస్ తీసుకుంటే మనకే 5 వేలు నష్టం. మిగిలింది ఆ 35 వేలే.

ఆ 35 వేలకూ కారణం ఉంది. ఆ బండి ఏప్రిల్‌లో తయారైంది. ఆ సంగతి వాళ్లు చెప్పలేదు, టైరు చెప్పింది. టైరు పక్క గోడ మీద గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అక్కడ 1124 అని ఉంది. అంటే 2024లో పదకొండో వారం, మార్చి నెల. టైరు వచ్చాకే గదా బండి వచ్చేది. తర్వాత చాసిస్ నంబరు అడిగి కంప్యూటర్‌లో చూపించమంటే ఏప్రిల్ అని తేలింది. 17 అక్షరాల ఆ నంబరులో తయారీ సంవత్సరం, నెల సంకేతాలుగా ఉంటాయి. చాలా కంపెనీలకు పదో అక్షరం సంవత్సరం: 2024కు R, 2025కు S. నెల గుర్తు ఏ చోట ఉంటుందో కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి దాన్ని మనమే ఊహించడం కంటే కాగితం మీద రాయించుకోవడం మేలు. ఆర్‌సీలో తయారీ నెల ఎలాగూ అచ్చవుతుంది, కానీ అది చేతికొచ్చేసరికి బేరం అయిపోయి ఉంటుంది.

కాకినాడవాళ్ల బండి నవంబర్ తయారీ. టైరు మీద 4224. తగ్గింపు 25 వేలు.

ఈలోగా కంపెనీ జనవరి నుంచి ధరలు పెంచుతామని చెప్పేసింది. ఇది ఏటా జరిగే తంతే. ఆ డిసెంబర్‌లో మారుతి సుజుకీ 4 శాతం దాకా, హ్యుందయ్ 25 వేల దాకా పెంపు ప్రకటించాయి. మావాడి మోడల్ మీద 12 వేలు పెరుగుతుందని తెలిసింది. కాబట్టి ముందున్న దారులు మూడు. ఏప్రిల్ బండి 8,05,000. నవంబర్ బండి 8,15,000. కొత్త సంవత్సరం బండి తగ్గింపు లేకుండా 8,52,000.

మూడోదానికీ మొదటిదానికీ తేడా 47 వేలు. ఎవరైనా మొదటిదే అంటారు. కాస్త ఆగాలి. పాత కార్ల బజారులో ముందుగా అడిగేది తయారీ సంవత్సరం. డిసెంబర్‌లో కొన్నవాడు నాలుగు రోజులు తిరక్కుండానే 'పోయినేడాది బండి' యజమాని అవుతాడు. నాలుగేళ్లకే అమ్మేసి మారుద్దామనుకునేవాళ్లకు ఈ తగ్గింపులో చాలా భాగం అప్పుడు తిరిగి పోతుంది, ఒక్కోసారి మొత్తం పోతుంది. వాళ్లు జనవరి బండే కొనుక్కోవడం మంచిది. ఎనిమిదేళ్లో పదేళ్లో వాడి అరగదీసేవాళ్లకు మాత్రం ఆ డబ్బు నిజంగా మిగిలినట్టే, పదేళ్ల బండికి ఏడాది అటూ ఇటూ పెద్ద తేడా ఉండదు. మావాడు రెండో రకం. వాళ్ల నాన్న కారు పన్నెండేళ్లు నడిచింది.

మరి ఏప్రిలా, నవంబరా? అమ్మేటప్పుడు రెండూ 2024వే. వారంటీ రెండింటికీ అమ్మిన రోజు నుంచే మొదలు. కాగితం మీద తేడా లేదు, తేడా అంతా బండిలోనే. ఎనిమిది నెలలు ఆరుబయట నిలిచిన బండికి బ్యాటరీ నీరసిస్తుంది, టైర్లు ఒకేచోట బరువు మోసి చదునవుతాయి, తలుపుల రబ్బర్లు ఎండుతాయి. నన్నడిగితే అన్నిటికన్నా భయపడాల్సింది ఎలుకలకు. వైరింగ్ కొరికితే ఆ తంటా ఎప్పుడు బయటపడుతుందో తెలీదు. పది వేల కోసం ఆ తలనొప్పి వద్దన్నాను. పైగా ఏప్రిల్ బండికి వాళ్లు అప్పటికే మోసిన వడ్డీ తలుచుకుంటే 35 వేలు పెద్ద ఉదారమేమీ కాదు.

రాజమహేంద్రవరం కొటేషన్ చూపించి కాకినాడలో మాట్లాడాం. ఇక్కడ ఒక కిటుకు ఉంది. తగ్గింపులో కంపెనీ వాటా, డీలరు వాటా అని రెండుంటాయి. కంపెనీ వాటా మీద బేరం సాగదు. డీలరు వాటా మాత్రం నెలాఖరున సాగుతుంది, నెల టార్గెట్‌కు రెండు మూడు బండ్లు తక్కువైనప్పుడు మరీ సాగుతుంది. ఇంకో 5 వేలు తగ్గించి 8,10,000కు ఒప్పుకున్నారు. వాళ్ల బీమా 41 వేలు. అదే కవరేజీ బయట 33 వేలకు వచ్చింది. "మా బీమా తీసుకుంటేనే స్కీమ్ సార్" అన్నాడు కుర్రాడు. ఆ మాట కొటేషన్ మీద రాసివ్వమంటే లోపలికెళ్లి మేనేజర్‌తో మాట్లాడొచ్చి, బయట బీమాకే సరే అన్నాడు. మంచి తగ్గింపు ఇచ్చి బీమాలో, 'హ్యాండ్లింగ్' పేరుతో, ఎవరూ అడగని యాక్సెసరీల్లో తిరిగి రాబట్టుకోవడం మామూలే. అందుకే తగ్గింపు ఎంత అని కాదు, బండి రోడ్డెక్కేదాకా మొత్తం ఎంత అని అడగాలి.

ఇక అక్క అమావాస్య. డిసెంబర్ స్కీమ్ వర్తించాలంటే బుకింగ్ చాలదు, బిల్లు, బీమా, రిజిస్ట్రేషన్ 31లోపు అయిపోవాలి. అందుకని 30న బిల్లు, 31న రిజిస్ట్రేషన్, బండి మాత్రం సంక్రాంతి రోజు ఇంటికి. ఆ రెండు వారాలు షోరూంలోనే ఉంచుతామని, ఏ దెబ్బ తగిలినా వాళ్లదే పూచీ అని రాయించుకున్నాం. మీటర్ రీడింగ్ ఫొటో తీసుకున్నాం. జనవరి 14న అక్క గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పాత తిట్లన్నీ మరిచిపోయింది.

కొత్త మోడల్ వస్తోందన్నప్పుడూ ఇదే సూత్రం పనిచేస్తుంది. పాత రూపు బండ్లు ఖాళీ చేయాలి కాబట్టి వాటి ధర దిగుతుంది. కానీ కొత్తది ఎప్పుడూ ఖరీదేనని అనుకోవద్దు. మన పెనుకొండ ఫ్యాక్టరీలో తయారైన కియా సెల్టోస్ 2019 ఆగస్టులో 9.69 లక్షల ప్రారంభ ధరతో వచ్చింది. 2020 జనవరి రాగానే ధర పెరిగింది. అప్పుడు ముందుగా కొన్నవాళ్లే లాభపడ్డారు.

ఇన్ని లెక్కలు వేశాక కూడా ఒకటి మా చేతిలో లేకపోయింది. 2025 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ప్రధాని జీఎస్టీ మార్పుల మాట చెప్పారు. అక్కణ్నుంచి కొనేవాళ్లంతా ఆగిపోయారు. సెప్టెంబర్ 22న, సరిగ్గా నవరాత్రుల మొదటి రోజు, చిన్న పెట్రోల్ కార్ల మీద సెస్సుతో కలిపి 29 శాతం ఉన్న పన్ను 18కి దిగింది. మావాడి 8,40,000 బండి మీద ఆ ఒక్క మార్పుతోనే దగ్గరదగ్గర 72 వేలు తగ్గింపు.

ఆ సాయంత్రం వాడు ఫోన్ చేశాడు. "మామయ్యా, తొమ్మిది నెలలు ఆగి ఉంటే ఎంత మిగిలేది?" లెక్క కట్టాను. మనకొచ్చిన 30 వేలు తీసేస్తే 42 వేలు. జనవరిలో పెరిగిన 12 వేలు కూడా కలిపితే 30 వేలే. అప్పటికే వాడు ఆ కారులో పదకొండు వేల కిలోమీటర్లు తిరిగాడు.