సా దొరికాకే వెతుకులాట

ఎప్పుడో విన్న బాణీ ఒకటి రెండు రోజులుగా నోట్లో ఆడుతూ ఉంటుంది. మాటలు గుర్తుండవు, సినిమా పేరు తెలియదు, అసలది సినిమా పాటో కాదో కూడా తెలియదు. దాన్ని పట్టుకోవాలంటే ముందు ఎక్కడ వెతకాలో తేల్చుకోవాలి. మన కీర్తనలకూ పాత సినిమా పాటలకూ రాగాల వారీ జాబితాలున్నాయి. పాశ్చాత్య బాణీల పుస్తకాల పద్ధతి వేరు. బార్లో, మోర్గన్‌స్టర్న్ అనే ఇద్దరు 1948లో అచ్చువేసిన బాణీల నిఘంటువులో దాదాపు పదివేల వాద్య బాణీలున్నాయి. వాటి సూచికలో ప్రతి బాణీనీ సి మేజరుకో సి మైనరుకో మార్చి, స్వరాల పేర్లను అక్షరక్రమంలో పేర్చారు. మేజరును మైనరు అనుకుని సూచిక తెరిచామా, అసలు బాణీ ఉన్న పేజీ మన కంట పడదు.

ఈ తేడా చెప్పమంటే చాలామంది వెంటనే సంతోషంగా ఉంటే మేజరు, దిగులుగా ఉంటే మైనరు అంటారు. మన సంగీతం దగ్గర ఈ సూత్రం నిలవదు. త్యాగరాజు ‘సామజ వరగమన’ హిందోళంలో ఉంది. హిందోళంలో పలికేది సాధారణ గాంధారం, అంటే పాశ్చాత్యులు మైనరుకు గుర్తుగా చెప్పే స్వరమే. ఆ కీర్తన విని దిగులు పడినవాళ్లను నేనింతవరకు చూడలేదు. భావాన్ని పక్కన పెట్టి స్వరాల మధ్య దూరాలను వినాలి. ఆ దూరాలను కొలవడం మొదలుపెట్టేది సా దగ్గర.

హార్మోనియం ఉంటే ఒక ప్రయోగం చేసి చూడండి. తెల్ల మెట్లు ముట్టుకోకుండా నల్ల మెట్లు మాత్రమే వాయించండి. అవి రెండు ఒక గుంపుగా, మూడు ఒక గుంపుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటి మెట్టును సా అనుకుని పైకి వెళితే మోహనం వస్తుంది. అదే గుంపులో చివరి మెట్టును సా అనుకుంటే హిందోళం, నడిమి మెట్టును అనుకుంటే మధ్యమావతి. రెండింటి గుంపులో మొదటిది సా అయితే శుద్ధసావేరి, రెండోది అయితే శుద్ధధన్యాసి. ఉన్నవి అవే అయిదు మెట్లు, వచ్చిన రాగాలు అయిదు. దీన్నే మనవాళ్లు గ్రహభేదం అంటారు. మోహనంలో అంతర గాంధారం ఉంది కనుక అది మేజరు పక్షం, హిందోళం మైనరు పక్షం. అంటే సా తప్పితే చెవి ఎంత చక్కగా విన్నా జవాబు తలకిందులు కావచ్చు. పాశ్చాత్యులకూ ఈ చిక్కు ఉంది. సి మేజరు, ఎ మైనరు రెండూ అవే ఏడు తెల్ల మెట్లు.

సా పట్టుకోవడానికి నాకు తెలిసిన మంచి దారి శ్రుతి పట్టడమే. బాణీ నడుస్తుండగా నోరు మూసుకుని ఒకే స్వరం మీద ‘మ్’ అంటూ నిలబడాలి. తప్పు స్వరమైతే కాసేపటికే అది గీసుకుంటుంది, గొంతు తనంతట తానే జరగాలని చూస్తుంది. సా అయితే బాణీ చుట్టూ తిరిగి వచ్చి దాని మీదే వాలుతుంది. పంచమం కూడా దాదాపు అంతే హాయిగా ఇముడుతుంది, మోసపోయేది అక్కడే. అనుమానం ఉంటే బాణీని హఠాత్తుగా ఆ స్వరం మీద ఆపి చూడండి. పాట ముగిసినట్టు అనిపిస్తే సా, ఇంకా ఏదో రావలసి ఉందనిపిస్తే కాదు. బాణీ మొదలైన స్వరాన్నే సా అనుకోవడం మాత్రం మానుకోవాలి.

సా కుదిరాక గాంధారం. సా 240 హెర్ట్జ్ దగ్గర ఉంటే సాధారణ గాంధారం 288 దగ్గర, అంతర గాంధారం 300 దగ్గర పలుకుతుంది. హార్మోనియం మీద సాను వదిలి ఆ పై మెట్టు నుంచి నల్లవీ తెల్లవీ వరుసగా లెక్కపెడితే మూడో మెట్టు సాధారణం, నాలుగోది అంతరం. లెక్క కంటే గొంతు తేలిక. సంగీతం నేర్చుకున్నవాళ్లు తమ సా నుంచి శంకరాభరణం ‘స రి గ’ ఒకసారి, ఖరహరప్రియ ‘స రి గ’ ఒకసారి పాడి, బాణీలోని గాంధారం దేనికి కలుస్తుందో చూస్తే చాలు. శంకరాభరణానికి కలిస్తే మేజరు వైపు, ఖరహరప్రియకు కలిస్తే మైనరు వైపు.

ఆ తర్వాత రిషభం కూడా వినాలి. అంతర గాంధారం ఉండి, రిషభం సాకు అంటుకున్నట్టు శుద్ధంగా పలికితే, రి గల మధ్య పెద్ద ఎడం చెవికి తగులుతుంది. సరళీ వరుసలు పాడినవాళ్లకు ఆ ఎడం మాయామాళవగౌళగా తెలిసిందే. ఇది మేజరూ కాదు, మైనరూ కాదు. అలాగని మన రాగమేనని కూడా తీర్మానించకూడదు. 1962లో డిక్ డేల్ గిటారు మీద వాయించి ప్రసిద్ధం చేసిన ‘మిసిర్లూ’ తూర్పు మధ్యధరా ప్రాంతపు బాణీ, దాని స్వరాలూ ఇవే. ఇలాంటి ఎడమే ద నిల మధ్య ఉండి, గాంధారం సాధారణమైతే అది కీరవాణి, పాశ్చాత్యుల హార్మోనిక్ మైనరు. ఎడం వినబడిందని ఊరుకోకుండా అది కింద ఉందో పైన ఉందో చూడాలి.

ఇప్పుడు ఒక బాణీని పట్టుకుందాం. సైనిక కవాతుల ముగింపులో బ్యాండు వాయించగా టీవీలో విన్నారు, పేరు తెలియదు. మొదటి స్వరాన్ని సా అనుకుని లెక్కేస్తే స, రి, మ, ప, ద వస్తాయి. అది శుద్ధసావేరి, గాంధారమే లేదు. కానీ ఆ మొదటి స్వరం మీద శ్రుతి పట్టి చూస్తే బాణీ దాని మీద వాలదు, రెండో స్వరం మీద వాలుతుంది. ఆ రెండోదాన్ని సా చేసుకుంటే ఎత్తుగడ మంద్ర పంచమంతో మొదలై ‘ప స స స గ రి స రి గ’ అని నడుస్తుంది. గాంధారం అంతరం, మధ్యమం నిషాదం లేవు. స్వరాలు మోహనానివే.

అయితే మోహనం జాబితా తెరవాలా? అదే మోహనంలో ఉన్న ‘లాహిరి లాహిరి లాహిరిలో’ (‘మాయాబజార్’, 1957) పక్కన పెట్టి వినండి. సినిమా పాటలో స్వరం నుంచి స్వరానికి గొంతు జారుతుంది, ఊగుతుంది. కవాతు బాణీలో ప్రతి స్వరమూ నిటారుగా నిలబడి, తాళం దెబ్బకు పక్కదాని మీదికి గెంతుతుంది. గమకం లేదు, అడుగడుగుకూ తూకంగా సాగే నడక ఉంది. కాబట్టి రాగాల జాబితాను మూసి, మేజరు పక్షపు పాశ్చాత్య జానపద బాణీల్లో వెతకాలి. సిలో రాసుకుంటే `G C C C E D C D E`. ఈ వరుసతో వెతికితే స్కాట్లండు బాణీ ‘ఆల్డ్ లాంగ్ సైన్’ దొరుకుతుంది.

గమకం లేకపోవడం గట్టి గుర్తే కానీ పూర్తి సాక్ష్యం కాదు. ముత్తుస్వామి దీక్షితుల నోట్టుస్వరాలు శంకరాభరణం స్వరాల్లో ఉంటాయి, గమకాలు ఉండవు. ‘సంతతం పాహిమాం’ బ్రిటిష్ జాతీయ గీతపు బాణీయే. కీబోర్డు మీద వాయించిన అసలైన రాగం కూడా నిటారుగానే వినబడుతుంది. అప్పుడు నడకను చూడాలి. బిలహరి స్వరాలన్నీ ఒకచోట పోగేస్తే శంకరాభరణంతో తేడా కనబడదు. ఎక్కేటప్పుడు మోహనంలా మ, ని వదిలేసి, దిగేటప్పుడే వాటిని పలుకుతుంది. ‘రార వేణుగోపబాల’ నేర్చుకున్న పిల్లలకు ఇది చేతికి తెలుసు. అందుకే ఎక్కేటప్పుడు విన్న స్వరాలు ఒక వరుసలో, దిగేటప్పుడు విన్నవి ఇంకో వరుసలో రాసుకోవాలి.

పది సెకన్ల ముక్కలో గాంధారం ఒక్కసారి కూడా పలకకపోవచ్చు. మధ్యమావతి, శుద్ధసావేరి లాంటి రాగాల్లో అది అసలు ఉండనే ఉండదు. అలాంటప్పుడు మేజరనో మైనరనో ఊహించి రాయకండి. ‘గ లేదు’ అని రాసుకుని, ఉన్న స్వరాలతోనే వెతకండి.