ఒకే ‘అవసరం’, నాలుగు అర్థాలు

పొరుగు భాష నేర్చుకునేవారిని కొత్త మాటల కన్నా తెలిసిన మాటలే ఎక్కువగా దారి తప్పిస్తాయి. ‘అవసరం’ అనే మాటనే చూడండి. సంస్కృతంలో దీనికి సందర్భం, తగిన సమయం అని అర్థం. హిందీ ‘అవసర్’, మలయాళం ‘అవసరం’ ఆ అర్థాన్నే నిలుపుకున్నాయి. అక్కడ అది అవకాశం. తమిళంలో, కన్నడంలో మాత్రం తొందర. తెలుగులోనేమో కావలసి రావడం.

తమిళ మిత్రుడు ‘అవసరప్పడాదే’ అంటే ‘తొందరపడకు’ అని. మన చెవికి అది ‘అవసరపడకు’ అన్నట్టు వినిపించి అయోమయంగా ఉంటుంది. చెన్నై ఆసుపత్రి బోర్డు మీద ‘అవసర సిగిచ్చై’ అని ఉంటే అది అత్యవసర చికిత్స విభాగం. చూశారా, ‘అత్యవసరం’ అన్నప్పుడు మన మాటలోనూ ఆ తొందర తొంగిచూస్తుంది!

మలయాళంతో ఇంకో చిక్కుంది. ‘నాకు డబ్బు అవసరం’ అనాలంటే అక్కడ ‘ఆవశ్యం’ వాడాలి. ‘అవసరం’ అంటే డబ్బు మీకో అవకాశమన్నట్టు వినిపిస్తుంది. హిందీలో అయితే ‘జరూరత్’ అనాలి. తమిళంలో ‘తేవై’, కన్నడంలో ‘బేకు’.

అర్థం పట్టుకోవడానికి పక్కనున్న క్రియను చూడండి. హిందీలో ‘అవసర్’ పక్కన ‘మిల్నా’ వస్తే దొరికేది అవకాశమే. తెలిసినట్టున్న మాట వాక్యంలో ఇమడకపోతే మాత్రం ఊహతో సరిపెట్టుకోకుండా నిఘంటువు తెరవండి.